ఆరువందల మీటర్ల తీగ



సొంత ఊళ్ళకు మంచినీటి బోర్లు వేయించడానికి డబ్బు పంపినవాళ్ళు, పంపబోతున్నవాళ్ళు ఈ గదిలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఉపన్యాసం కాకుండా ఒక కథ చెబుతాను. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కాలేజీలో నేర్చుకున్న విద్య నాకు నిజంగా అక్కరకొచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఇది ఒకటి. కథలో విలన్ లేడు. ఉన్నదల్లా ఒక తీగ, దాని పొడవు.

ఊరు అప్పటి ప్రకాశం జిల్లాలో, కనిగిరి వైపు. ఆ ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీలో చాలామందికి తెలుసు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కన్నా ఎక్కువుంటే తాగకూడదంటారు. ఊళ్ళోని బోర్లన్నీ ఆ గీత దాటినవే. చెరువు కట్ట దిగువన వేసిన ఒక బోరులో మాత్రం పరీక్షలో నీళ్ళు మంచివని తేలింది. లోతు 110 మీటర్లు, నీళ్ళు పుష్కలం. 2011 వేసవిలో నేను సెలవు మీద వెళ్ళేసరికి బోరు తవ్వకం అయిపోయింది, ఊరి నడుమ నలభై వేల లీటర్ల ట్యాంకు కట్టడం కూడా పూర్తయింది. ఊరి జనాభా సుమారు వెయ్యి. మనిషికి రోజుకు నలభై లీటర్ల లెక్కన రోజుకొకసారి ట్యాంకు నిండితే చాలు. ఇక మోటారు దించడమే మిగిలింది.

మా బాబాయి ఆ నీటి కమిటీకి పెద్ద. కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషను కాగితం నా చేతిలో పెట్టి, "సంతకం పెట్టేముందు ఒకసారి చూడరా, ఎంతైనా కరెంటు చదువు చదివావుగా" అన్నాడు. కాగితంలో ఉన్నవి ఇవి: ఏడున్నర హెచ్‌పి త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ పంపు, స్టార్టరు, 4 స్క్వేర్ ఎంఎం రాగి కేబులు 600 మీటర్లు. అన్నీ పేరున్న సరుకులే.

ముందు పంపు సంగతి చూశాను. సెకనుకు మూడు లీటర్ల నీటిని, నీటి మట్టం, ట్యాంకు ఎత్తు, పైపు రాపిడి అన్నీ కలిపి తొంభై మీటర్ల ఎత్తుకు తోయాలి. నీటి పని ఒక్కటే రెండున్నర కిలోవాట్లు దాటుతుంది. పంపు సామర్థ్యం అరవై శాతం అనుకుంటే మోటారు సుమారు నాలుగున్నర కిలోవాట్లు ఇవ్వాలి. ఐదు హెచ్‌పి చాలదు, ఏడున్నర సరిపోతుంది. అంతవరకు కాంట్రాక్టరు ఎంపిక తప్పు కాదు.

నన్ను ఆపింది ఆ 600 మీటర్లు. "బోరు లోతు నూటపది. ఇంత కేబులు ఎందుకు?" అనడిగాను. ట్రాన్స్‌ఫార్మరు బోరు దగ్గర లేదట. పొలాల మోటార్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి 510 మీటర్ల దూరంలో ఉంది. దానికి దగ్గరలో గది కట్టి అందులో మీటరు, స్టార్టరు పెట్టారు. అక్కడినుంచి బోరు దాకా 510 మీటర్లు, బోరులోకి 90 మీటర్లు.

కాంట్రాక్టరును పిలిపించాం. అనుభవం ఉన్న మనిషి. చుట్టుపక్కల వందకు పైగా మోటార్లు దించినవాడు. "సార్, ఏడున్నరకి ఫోర్ స్క్వేర్ అంటే ఎక్కువే. పదిహేను ఆంపియర్లు లాగుద్ది, ఈ వైరు దానికి డబుల్ మోస్తది. చెయ్యి పెట్టి చూడండి, వేడి కూడా ఎక్కదు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కేబులు ఎన్ని ఆంపియర్లు మోస్తుందనేది ఒక ప్రశ్న. ఆ ఆంపియర్లను మోసుకుంటూ అవతలి కొసకు ఎన్ని వోల్టులు చేరుస్తుందనేది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు పొడవుతో పని లేదు, యాభై మీటర్లయినా ఐదువందల మీటర్లయినా జవాబు ఒకటే. రెండో ప్రశ్నలో పొడవే ముఖ్యం. బోరు పక్కనే ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఊళ్ళలో మొదటి ప్రశ్న అడిగితే చాలు. ఆయన వందకు పైగా మోటార్లూ అలాంటి చోట్ల దించినవే. అందుకే రెండో ప్రశ్న ఆయనకు ఎన్నడూ ఎదురు కాలేదు.

బాబాయికి అర్థమయ్యేలా చెప్పవలసి వచ్చింది. "కరెంటు తీగలో కూడా నష్టం పోద్దా?" అన్నాడాయన. కాలువ సంగతి చెప్పాను. తూము దగ్గర కాలువ నిండుగా పారుతుంది, శివారు ఆయకట్టుకు వచ్చేసరికి తడి మాత్రమే మిగులుతుంది. కాలువ సన్నమయ్యేకొద్దీ, పొడవు పెరిగేకొద్దీ శివారు రైతుకు కష్టం. మన మోటారు శివారు రైతు. ఆ మాట ఆయనకు వెంటనే ఎక్కింది.

ఇక లెక్క. ఇది మీలో ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగకు వంద మీటర్లకు సుమారు అర ఓము నిరోధం ఉంటుంది. ఆరు వందల మీటర్లకు 3 ఓములు. త్రీ ఫేజ్‌లో వోల్టేజి తరుగుదలకు ఆంపియర్లను ఓములతో గుణించి, దాన్ని 1.732తో, పవర్ ఫ్యాక్టరుతో గుణించాలి. మన మోటారుకు పవర్ ఫ్యాక్టరు 0.85 అనుకుందాం.

1.732 × 15 × 3 × 0.85 = 66

అంటే 66 వోల్టులు దారిలోనే పోతాయి. మోటారు 415 వోల్టులకు చేసినది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు మామూలుగా పదిహేను శాతం తక్కువ వోల్టేజి వరకు తట్టుకునేలా చేస్తారు. అంటే 353 దాకా. 415లో 66 పోతే మిగిలేది 349. గది దగ్గర నిండు వోల్టేజి ఉన్నా మోటారు అప్పటికే గీత కిందికి దిగింది. పైగా ఆ తీగలో వేడిగా పోయే విద్యుత్తు రెండు కిలోవాట్లు. ఐదున్నర కిలోవాట్ల మోటారు కోసం రెండు కిలోవాట్లు దారిఖర్చు! ఆ వేడి ఆరువందల మీటర్ల పొడవునా పరచుకుంటుంది కనుక చెయ్యి పెట్టి చూసినా తెలియదు.

అయితే గది దగ్గర నిండుగా 415 ఉంటుందా? ఆ సంగతి తేల్చుకోకుండా లెక్క పూర్తి కాదు. లైన్‌మ్యాన్‌ను అడిగితే నవ్వాడు. ఆ రోజుల్లో పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద పద్దెనిమిది పొలం మోటార్లున్నాయి. అన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే పద్దెనిమిదీ ఒక్కసారి లేస్తాయి. మీటరు పట్టుకుని నాలుగు రోజులు ఆ గదిలో కూర్చున్నాం. పొలం మోటార్లు నడిచే వేళ వోల్టేజి మామూలుగా 380 ఉంది. రెండుసార్లు 370కి దిగింది. మన పంపు నడవవలసింది కూడా ఆ వేళల్లోనే, ఎందుకంటే మిగతా వేళల్లో త్రీ ఫేజ్ లేదు.

380లో 66 తీసేస్తే 314. నిజానికి అక్కడ కూడా ఆగదు. సబ్‌మెర్సిబుల్ మోటారు బల్బులాంటిది కాదు. వోల్టేజి తగ్గితే బల్బు గుడ్డిగా వెలిగి ఊరుకుంటుంది. మోటారు మాత్రం తన నెత్తిన ఉన్న నీటి బరువు తగ్గలేదు కనుక మరిన్ని ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ లాగేకొద్దీ తీగలో ఎక్కువ వోల్టులు పోతాయి. ఇంకా తగ్గుతుంది, ఇంకా లాగుతుంది. చివరికి వేగం అందుకోలేక చతికిలబడుతుంది.

ఇక లేచేటప్పటి సంగతి. ఈ మోటారు లేచే క్షణంలో సుమారు 80 ఆంపియర్లు అడుగుతుంది. మూడు ఓముల తీగ అంత పోనివ్వదు. మోటారు నిరోధాన్ని, తీగ నిరోధాన్ని కలిపి లెక్కవేస్తే 40 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, మోటారు కొసన వోల్టేజి 212 దగ్గర ఉంటుంది. అంటే ఉండవలసిన దాంట్లో సగం. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి సగమైతే బలం నాలుగోవంతు.

ఈ లెక్క చెప్పాక కాంట్రాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. "బలం చాలదంటే పది హెచ్‌పి వేద్దాం సార్, రేటులో పెద్ద తేడా లేదు." చాలామందికి తోచేది ఇదే. కానీ పెద్ద మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, అదే తీగలో మరిన్ని వోల్టులు పోతాయి. బండి కదలడం లేదని ఇరుకు సందులోకి పెద్ద బండి తోలినట్టు.

కమిటీ సమావేశంలో గొడవ కేబులు ఖరీదు దగ్గర వచ్చింది. మందం తీగ వేస్తే దాని ఖర్చు పంపు, మోటారు రెండిటి ఖరీదుకు రెట్టింపు దాటుతుంది. "గుర్రం కన్నా కళ్ళెం ఖరీదా?" అన్నారొకరు. ప్రారంభోత్సవానికి తేదీ కూడా పెట్టేశారు, పిలుపులు వెళ్ళాయి. అమెరికా నుంచి వచ్చినవాడు కాగితం లెక్కలతో పని ఆపుతున్నాడనే మాట నా చెవిన పడింది. వాళ్ళను తప్పుపట్టలేను. రెండు వేసవులుగా ట్యాంకర్ల దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు.

అప్పుడు లైన్‌మ్యాన్ ఒక మాట అన్నాడు. "బోరులో దించాక తెలుసుకునే బదులు పైన ఉండగానే చూస్తే పోలా?" బోరు పక్కన పొలంలో పాత దిగుడు బావి ఉంది, నీళ్ళున్నాయి. కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. మోటారును చైన్ పుల్లీతో ఆ బావిలో దించాం. తెచ్చిన కేబులు మొత్తం గది నుంచి బావి దాకా పొడుగ్గా పరిచాం. బావి లోతు తక్కువ కనుక మిగిలిన తొంభై మీటర్లనూ చుట్టగా ఉంచకుండా గట్టు మీద అటూ ఇటూ పరిచాం. మోటారు కొసన ఒక మీటరు, గదిలో ఒక మీటరు. సాయంత్రం విడత కరెంటు వచ్చి పొలం మోటార్లన్నీ అందుకున్నాక స్టార్టరు నొక్కమన్నాను.

బావిలోంచి మూలుగు వినిపించింది. పైపు మూతిలోంచి నీళ్ళు ఎగదన్నలేదు, చొంగ కార్చినట్టు కారాయి. మోటారు కొసన మీటరు 220 దగ్గర తచ్చాడింది. మామూలుగా మోటారు లేచాక ఒకటి రెండు సెకన్లలో ఆంపియర్ల ముల్లు టక్కున కిందికి పడాలి. అది 38 దగ్గర నిలబడిపోయింది. కొన్ని సెకన్లకు ఓవర్‌లోడ్ రిలే కొట్టేసింది. మళ్ళీ ఒకసారి ప్రయత్నించాం, అదే తంతు.

ఆ ముల్లును చూసింది కాంట్రాక్టరే. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు: "దించాక ఇట్టా జరిగితే మావాళ్ళు ఏం చేస్తారో తెలుసా సార్? రిలే సెట్టింగు పెంచేస్తారు." అదే జరిగేది. రిలే పెంచితే కొట్టేయడం మానుతుంది, కొద్ది రోజుల్లో వైండింగు కాలుతుంది. మోటారు నాసిరకం అని తిట్టుకుని, తొంభై మీటర్ల పైపులు ఒక్కొక్కటీ విప్పి పైకి లాగి, రీవైండింగుకు పంపి, మళ్ళీ దించుతారు. మళ్ళీ కాలుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పొలం మోటార్లన్నీ ఆపి ఉన్నప్పుడు 415 వోల్టులతో పరీక్ష చేస్తే ఈ మోటారు ఎలాగో కష్టం మీద లేచి ఉండేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. తెల్లారి విడత కరెంటుకు చతికిలబడేది.

ఇక మార్గాలు. అన్నిటికన్నా మంచిది బోరు పక్కకే 11 కెవి లైను లాగి చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టించడం. ఆ వోల్టేజిలో అదే విద్యుత్తుకు కరెంటు ఇరవై ఆరో వంతే కనుక దూరం పెద్ద లెక్కలోకి రాదు. కానీ దరఖాస్తు, డిపాజిట్టు, అంచనాలు, స్తంభాలు అన్నీ కావాలి, వేసవి ఆగదు. రెండోది మందం రాగి కేబులు. ధర భరించలేం, దొంగల భయం వేరే. మూడోది మేము పట్టుకున్నది. గది నుంచి బోరు దాకా భూమిలో అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు, బోరు దగ్గర ఒక ప్యానెలు, అక్కడినుంచి కిందికి రాగి.

ఎంత మందం? 25 స్క్వేర్ ఎంఎం చాలదా అని కమిటీ అడిగింది, ధర తేడా ఉంది మరి. అక్కడ కూడా లెక్కే జవాబు చెప్పింది. 25 వేసి, బోరులోకి 6 స్క్వేర్ ఎంఎం రాగి వేస్తే తరుగుదల 21 వోల్టులు. 35 వేస్తే 17. తేడా నాలుగు వోల్టులే. కానీ గదిలో వోల్టేజి 370కి దిగిన రోజున 25తో మోటారుకు 349 చేరుతుంది, 35తో 353. గీత సరిగ్గా ఆ రెండింటి నడుమ ఉంది. నాలుగు రోజులు ఆ గదిలో కూర్చోకపోతే ఈ సంగతి తెలిసేది కాదు. 35కే ఒప్పుకున్నారు. రాగి కేబులులో బోరుకు పనికిరాని పొడవంతా దుకాణం వెనక్కి తీసుకుంది. తక్కువ పడిన డబ్బు ఇక్కడినుంచి మరి నలుగురం వేసుకున్నాం.

ముప్పావు మీటరు లోతున కందకం తవ్వి, ఇసుక పరిచి, కేబులు వేసి, పైన ఇటుకలు పేర్చి పూడ్చారు. ఒక్కచోట మాత్రం నేను దగ్గరుండి చూశాను. ప్యానెలులో అల్యూమినియం, రాగి కలిసే చోట. రెండు లోహాలనూ నేరుగా మెలితిప్పి టేపు చుడితే తేమకు ఆ కీలు తుప్పెక్కి వేడెక్కుతుంది. కాగితం మీద ఆదా చేసిన వోల్టులన్నీ ఆ ఒక్క కీలు దగ్గర పోతాయి. అక్కడ బైమెటల్ లగ్గులు వేయించాం. వోల్టేజి మరీ దిగినా, ఒక ఫేజు పోయినా మోటారును ఆపేసే రిలే ఒకటి పెట్టించాం. ఎందుకంటే కేబులు దారిలో పోయే వోల్టులను ఆపగలదు కానీ, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే లేని వోల్టులను తేలేదు. ఆ పద్దెనిమిది మోటార్లు ముప్పయి అయితే మన లెక్క మళ్ళీ వేసుకోవలసిందే.

ప్రారంభోత్సవం పన్నెండు రోజులు వాయిదా పడింది. ఆ రోజు కూడా సాయంత్రం విడతలోనే, పొలం మోటార్లన్నీ నడుస్తుండగానే నొక్కాం. ముల్లు అరవై దాటి లేచి, రెండు సెకన్లలో పడిపోయి 15 పైన నిలిచింది. బోరు దగ్గర ప్యానెలులో మీటరు 368 చూపించింది. లెక్క చెప్పింది 370. ట్యాంకు నాలుగు గంటల లోపే నిండింది. కాంట్రాక్టరు తన డైరీలో వెనక అట్ట మీద ఆ గుణకారం రాసుకున్నాడు. తర్వాత ఏ ఊరికి వెళ్ళినా ముందు "ట్రాన్స్‌ఫార్మరు ఎంత దూరం?" అని అడుగుతున్నాడని బాబాయి ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. మీ ఊరి నుంచి కొటేషను వచ్చినప్పుడు మోటారు కంపెనీ పేరు చూసి ఊరుకోకండి. మూడు సంగతులు అడగండి. మీటరు నుంచి మోటారు దాకా, బోరు లోతుతో సహా, మొత్తం తీగ ఎన్ని మీటర్లు? పొలం మోటార్లు నడిచే వేళలో మీటరు దగ్గర వోల్టేజి ఎంత? మోటారు నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు ఎన్ని? ఈ మూడూ తెలిస్తే నేను చెప్పిన లెక్క ఐదు నిమిషాల పని. మిగిలే వోల్టులు మోటారు వోల్టేజిలో ఎనభై ఐదు శాతానికి తగ్గుతున్నాయంటే, మోటారు బోరులో దించే ముందే తీగ మార్చమనండి. బోరు పైన ఉన్నప్పుడు మార్చేది ఒక్క తీగ. దించాక అయితే పైపులు, మోటారు, తీగ అన్నీ పైకి రావాలి.